85 అక్షరాల్లో ఏది మిగలాలి?

2020 జూన్ 16న ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రకటన వెలువడింది. కరోనాతో ఆసుపత్రిలో చేరి పరిస్థితి విషమించినవాళ్ళ ప్రాణాలు నిలిపే మందు దొరికిందని దాని సారాంశం. అది కొత్తగా కనిపెట్టిన మందేమీ కాదు. దశాబ్దాలుగా వాడుకలో ఉన్న, చాలా చవకైన డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. బ్రిటన్‌లోని ఆసుపత్రుల్లో పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రేల నాయకత్వంలో జరిగిన ఆ పరీక్షకు రికవరీ అని పేరు. వ్యాసం జూలైలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది.

అప్పటికే వార్త ప్రపంచమంతా చుట్టేసింది. చాలామందికి చేరింది మాత్రం ‘కరోనాకు డెక్సా పనిచేస్తుంది’ అన్న ఒక్క ముక్కే. వ్యాసంలో ఉన్నది ఆ ఒక్క ముక్క కాదు. మందు ఎవరికి బాగా పనిచేసింది, ఎవరికి కొంత పనిచేసింది, ఎవరికి అసలు పనిచేసినట్టు కనబడలేదు అన్నది అందులో విడివిడిగా ఉంది. 2021 వేసవిలో రెండో వేవ్ వచ్చినప్పుడు మన దగ్గర ఆక్సిజన్ అవసరం రానివాళ్ళు కూడా ఇంటి దగ్గర స్టెరాయిడ్ మాత్రలు మింగారు. ఇలా ఇష్టానుసారం వాడితే బ్లాక్ ఫంగస్ ముప్పు పెరుగుతుందని అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా హెచ్చరించారు. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ఆ రోగులకు ప్రత్యేక కేంద్రంగా మార్చాల్సి వచ్చింది. దీనికి కారణాలు చాలానే ఉన్నాయి, ఏదో ఒక సారాంశం మీదకు నెట్టడం న్యాయం కాదు. కానీ పెద్ద వ్యాసాన్ని నాలుగు ముక్కల్లో చెప్పేటప్పుడు ఏ ముక్క జారిపోకూడదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు.

ఇప్పుడు చాలా పరిశోధనా పత్రికలు వ్యాసంతో పాటు మరో రెండు అడుగుతున్నాయి. ఒకటి హైలైట్స్, అంటే వ్యాసంలో తేలిన విషయాలను చిన్న చిన్న వాక్యాలుగా పేర్చిన జాబితా. రెండోది గ్రాఫికల్ అబ్‌స్ట్రాక్ట్, అంటే వ్యాసం మొత్తాన్ని ఒక్క బొమ్మలో చూపడం. వైద్య పత్రికల్లో దీన్ని విజువల్ అబ్‌స్ట్రాక్ట్ అంటారు. మిషిగన్ విశ్వవిద్యాలయ సర్జన్ ఆండ్రూ ఇబ్రహీం 2016లో ఆనల్స్ ఆఫ్ సర్జరీ పత్రిక కోసం వీటిని గీయడం మొదలుపెట్టాక ఈ పద్ధతి వేగంగా పాకింది. ఎల్సెవియర్ సంస్థ పత్రికలు హైలైట్స్‌కు ఒక కొలత పెట్టాయి. మూడు నుంచి ఐదు వాక్యాలు, ఒక్కో వాక్యం ఖాళీలతో కలిపి 85 అక్షరాలు దాటకూడదు. ఈ కొలతతో రికవరీ వ్యాసానికి హైలైట్స్ మనమే కట్టి చూద్దాం.

85 అంటే ఎంతో ముందుగా చూడాలి. లెక్క ఇంగ్లిషు అక్షరాల్లో. డెక్సామెథాసోన్ అన్న పేరుకే ఇంగ్లిషులో 13 అక్షరాలు పడతాయి. మెకానికల్ వెంటిలేషన్ అన్న మాటకు మధ్య ఖాళీతో కలిపి 22. ఈ రెండూ ఒకే వాక్యంలో పెడితే చెప్పాల్సిన విషయానికి యాభై అక్షరాలు కూడా మిగలవు. అందుకే చాలామంది ముందు స్వేచ్ఛగా రాసి తర్వాత నరుకుతారు. నరికేటప్పుడు మొదట పోయేవి ‘ఆక్సిజన్ పెట్టినవారిలో’, ‘28 రోజుల లోపు’ లాంటి షరతులు. మిగిలేది మందు పేరు, ‘తగ్గించింది’ అన్న క్రియ. వాక్యం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, అర్థం మాత్రం మారిపోయి ఉంటుంది.

లెక్క పెట్టడానికి కళ్ళను నమ్ముకోకండి. ఎక్సెల్ షీట్‌లో A గడిలో ఒక్కో వాక్యం పెట్టి పక్క గడిలో ఈ సూత్రం రాస్తే ఖాళీలతో సహా లెక్క చూపిస్తుంది:

```
=LEN(A2)
```

తెలుగులో ఇలాంటి జాబితా తయారుచేసే పత్రిక ఏదైనా ఉంటే ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ లెక్కలో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడతాయి. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు.

పని ఎక్కడ మొదలుపెట్టాలన్నది అసలు ప్రశ్న. చాలామంది వ్యాసం మొదట్లో ఉండే సారాంశాన్ని ముందు పెట్టుకుని అందులోంచి వాక్యాలు ఏరుతారు. అలా చేస్తే సారాంశానికి మళ్ళీ సారాంశం తయారవుతుంది, మొదటిసారి జారిపోయింది రెండోసారీ దొరకదు. ఫలితాల పట్టికతో మొదలుపెట్టడం మేలు. రికవరీ పట్టికలో మన పనికి కావలసినవి నాలుగు వరుసలే.

మొత్తం 6,425 మంది రోగులు. లాటరీ పద్ధతిలో వాళ్ళలో 2,104 మందికి మామూలు చికిత్సతో పాటు డెక్సామెథాసోన్, మిగతా 4,321 మందికి మామూలు చికిత్స ఒక్కటే. మోతాదు రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా పది రోజులు. 28 రోజుల లోపు మరణించినవాళ్ళు మందు తీసుకున్నవాళ్ళలో 22.9 శాతం, తీసుకోనివాళ్ళలో 25.7 శాతం. ఇది మొదటి వరుస, పరీక్ష మొదలుపెట్టేటప్పుడే ‘మేం చూడబోయేది ఇది’ అని రాసిపెట్టుకున్న ప్రధాన ఫలితం.

మిగతా మూడు వరుసలు రోగి పరిస్థితిని బట్టి. చేరేనాటికే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మందు లేకపోతే 41.4 శాతం మంది పోయారు, మందుతో 29.3 శాతం. ఆక్సిజన్ మాత్రమే పెట్టినవాళ్ళలో 26.2 శాతం, 23.3 శాతం. ఆక్సిజన్ కూడా అక్కర్లేనివాళ్ళలో ఇది తిరగబడింది. మందు లేనివాళ్ళలో 14.0 శాతం మరణిస్తే, మందు తీసుకున్నవాళ్ళలో 17.8 శాతం మరణించారు.

ఈ నాలుగూ ఎదురుగా పెట్టుకుంటే, ‘డెక్సామెథాసోన్ కరోనా మరణాలను తగ్గించింది’ అన్న వాక్యం చదివినవాణ్ణి ఎటు తీసుకుపోతుందో అర్థమవుతుంది. ఆ వాక్యంలో అబద్ధం లేదు, మొదటి వరుస చెప్పేది అదే. కానీ చివరి వరుసలోని రోగి దాన్ని చదివితే తన గురించే అనుకుంటాడు.

నేను ఒక్కో హైలైట్‌కూ ఒక్కో వరుస కేటాయిస్తాను. ముందు ప్రధాన ఫలితం, తర్వాత లాభం ఎక్కువ నుంచి తక్కువకు, చివర లాభం లేని చోటు. తెలుగులో చెబితే జాబితా ఇలా వస్తుంది:

- డెక్సామెథాసోన్‌తో 28 రోజుల మరణాలు 25.7% నుంచి 22.9%కి తగ్గాయి
- వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు 41.4%కి బదులు 29.3%
- ఆక్సిజన్ మాత్రమే పెట్టినవారిలో 26.2%కి బదులు 23.3%
- ఆక్సిజన్ అక్కర్లేనివారిలో ప్రయోజనం కనబడలేదు

ఇందులో ఏం లేదో కూడా చూడండి. ‘కరోనా ప్రపంచాన్ని వణికించింది’ అన్న నేపథ్యం లేదు, అది అందరికీ తెలుసు. ‘పెద్ద సంఖ్యలో రోగులతో పరీక్ష చేశాం’ అన్న ఘనత లేదు, ‘మొట్టమొదటిసారిగా’ లేదు. మన విశ్వవిద్యాలయాల నుంచి వెళ్ళే జాబితాల్లో తరచూ కనబడే లోపం ఇదే. ఐదు వాక్యాల్లో మూడు ఏం చేశామో చెబుతాయి, ఏం తేలిందో చెప్పేది ఒక్కటే ఉంటుంది. ‘పరిశీలించాం’, ‘విశ్లేషించాం’, ‘పోల్చాం’ అన్న క్రియలతో ముగిసే హైలైట్ కనబడితే, దాని పక్కన ‘అయితే ఏం తేలింది?’ అని రాసుకోండి. జవాబు దొరికితే అది హైలైట్, దొరక్కపోతే ఆ వాక్యం అక్కర్లేదు.

నాలుగో వాక్యం మీద ఎక్కువసేపు ఆగాలి. 14.0, 17.8 చూడగానే ‘హాని చేసింది’ అని రాయబుద్ధవుతుంది. వ్యాసం అలా అనలేదు. ఈ గుంపులో మరణాల రేటు నిష్పత్తి 1.19 వచ్చింది, దాని 95 శాతం విశ్వాస పరిధి 0.92 నుంచి 1.55 వరకు ఉంది. నిష్పత్తి ఒకటి అంటే మందు ఉన్నా లేకున్నా తేడా లేదని. పరిధి ఆ ఒకటికి అటూ ఇటూ పరచుకుని ఉంది కాబట్టి, ఈ తేడా మందు వల్లా లేక యాదృచ్ఛికంగా వచ్చిందా అన్నది ఈ అంకెలతో తేల్చలేం. అలాగని ‘తేడా లేదు’ అనడమూ తప్పే, హాని ఉండే అవకాశాన్ని అంకెలు కొట్టిపారేయలేదు. ‘ప్రయోజనం కనబడలేదు’ అన్నది ఈ రెంటికీ మధ్య సరిగ్గా నిలబడుతుంది. 85 అక్షరాల్లో సరిపోతుంది కూడా.

ఇంకో చిక్కు వెంటిలేటర్ వరుసలో ఉంది. జూన్ ప్రకటనలో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళ మరణాలు మూడో వంతు తగ్గాయని వచ్చింది. కాలిక్యులేటర్ తీసి 29.3ను 41.4తో భాగించండి. 0.71 వస్తుంది, అంటే తగ్గుదల 29 శాతమే. వ్యాసం చెప్పే నిష్పత్తి మాత్రం 0.64, అంటే 36 శాతం తగ్గుదల. ఏదీ తప్పు కాదు. లాటరీలో మందు వచ్చినవాళ్ళు మొత్తం మీద రెండో గుంపు కంటే సగటున ఏడాది పైచిలుకు పెద్దవాళ్ళు. ఈ జబ్బులో వయసు ప్రాణం మీదకు తెస్తుంది కాబట్టి, నిష్పత్తి కట్టేటప్పుడు రచయితలు వయసు తేడాను సరిదిద్దారు. శాతాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చారు. పక్కపక్కన పెడితే పాఠకుడికి లెక్క కుదరదు, ఆ తేడా ఎందుకో చెప్పడానికి హైలైట్‌లో చోటుండదు. అందుకని ఏదో ఒక రకం అంకెనే ఎంచుకుని జాబితాలోనూ బొమ్మలోనూ దాన్నే పట్టుకోవాలి. నా ఎంపిక శాతాలు. నూరుమందిలో 41 మంది పోయే చోట 29 మంది పోయారంటే ఎవరికైనా అర్థమవుతుంది. ‘మూడో వంతు’ అంటే దేనిలో మూడో వంతు అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

ఇక బొమ్మ. ముందు కాగితం, పెన్సిల్. సాఫ్ట్‌వేర్ తెరిచిన మరుక్షణం మనసు ఐకాన్ల మీదకు పోతుంది, ముళ్ళ బంతిలాంటి వైరస్, సిరంజి, ఊపిరితిత్తులు. రికవరీ బొమ్మలో వైరస్‌కు పని లేదు. ఇక్కడ పరీక్షించింది వైరస్‌ను చంపే మందును కాదు, దానికి శరీరం ఇచ్చే విపరీతమైన ప్రతిస్పందనను అణచే మందును. వైరస్ మీద బాణం గురిపెట్టిన బొమ్మ వేస్తే వ్యాసం చెప్పనిది చెప్పినట్టవుతుంది.

ఎల్సెవియర్ అడిగే కనీస పరిమాణం 1,328 పిక్సెళ్ళ వెడల్పు, 531 పిక్సెళ్ళ ఎత్తు. కంప్యూటర్ తెర మీద 13 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తులో చూసినా చదవగలిగేలా ఉండాలన్నది షరతు. మామూలు తెర మీద 13 సెంటీమీటర్లంటే దాదాపు 490 పిక్సెళ్ళు. అంటే మనం గీసిన బొమ్మ పాఠకుడి ముందుకు వచ్చేసరికి మూడో వంతు కంటే కాస్త పెద్దగా మాత్రమే ఉంటుంది. 20 పిక్సెళ్ళ ఎత్తు అక్షరం ఏడుకు కుంచించుకుపోతుంది, దాన్ని ఎవరూ చదవలేరు. 40 పిక్సెళ్ళది పదిహేను దగ్గర నిలబడుతుంది. కాబట్టి ఏ అక్షరమూ 40కి తగ్గకూడదని మొదటే గీత గీసుకోవాలి. దాంతో ఎన్ని మాటలు పడతాయో తేలిపోతుంది, ముప్పై నలభైకి మించవు.

ఇప్పుడు స్థలం పంచుదాం. పైన 70 పిక్సెళ్ళ పట్టీలో ప్రధాన ఫలితం, ‘28 రోజుల్లో మరణాలు: 25.7%కి బదులు 22.9%’. కింద మరో 70 పిక్సెళ్ళ పట్టీలో రంగుల వివరణ, మందు మోతాదు. మధ్యలో 390 మిగులుతాయి, ఒక్కోటీ 130 చొప్పున మూడు వరుసలు. ఎడమ పక్క ఆసుపత్రి మంచం గుర్తు, ‘6,425 మంది రోగులు’, అక్కణ్ణించి రెండుగా చీలే బాణం, ఒకదాని చివర 2,104, రెండోదాని చివర 4,321. కుడివైపు ఒక్కో వరుసలో రెండేసి అడ్డ పట్టీలు, పైన మందు లేనివాళ్ళది, కింద మందు తీసుకున్నవాళ్ళది.

పట్టీల పొడవు కొలిచి గీయాలి, కంటి అంచనా పనికిరాదు. ఒక శాతానికి పది పిక్సెళ్ళు అనుకుంటే వెంటిలేటర్ వరుసలో 414, 293. ఆక్సిజన్ వరుసలో 262, 233. మూడో వరుసలో 140, 178. కుడివైపు 700 పిక్సెళ్ళలో అత్యంత పొడవైన 414 పోగా, వరుస పేరుకు ఎడమన రెండు వందలు, అంకెకు కుడిన ఎనభై సరిపోతాయి. మూడు వరుసలకూ ఒకే కొలబద్ద, అన్నీ సున్నా నుంచే మొదలు కావాలి. ఆక్సిజన్ వరుసలో తేడా 29 పిక్సెళ్ళే కాబట్టి చూడ్డానికి చప్పగా ఉంటుంది, ఆ వరుసకు పట్టీలను 20 శాతం దగ్గర మొదలుపెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అలా చేయకూడదు. వెంటిలేటర్ వరుస కంటే అక్కడ లాభం తక్కువ, పట్టీ కూడా అదే చెప్పాలి.

రంగుల్లో ఎరుపు, ఆకుపచ్చ జోడీ వద్దు. మగవాళ్ళలో పన్నెండు మందికి ఒకరు చొప్పున ఈ రెంటినీ విడిగా పోల్చుకోలేనివాళ్ళు ఉంటారన్నది యూరోపియన్ జనాభాల లెక్క. పైగా ఎరుపంటే చావు, పచ్చంటే బతుకు అని చూసేవాళ్ళు ముందే తీర్మానించేసుకుంటారు. బూడిద రంగు మామూలు చికిత్సకు, ముదురు నీలం మందుకు వాడితే నలుపు తెలుపులో ప్రింట్ తీసినా తేడా పోదు.

మూడో వరుసను ఏం చేయాలన్నది ఇక్కడా వస్తుంది. బొమ్మ నిండుగా ఉంది, రెండు వరుసలతో ఆపేస్తే అందంగా ఉంటుందని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆపకూడదు. నీలం పట్టీ బూడిద పట్టీని దాటే ఒకే ఒక్క వరుస అది, చూసినవాళ్ళ కన్ను అక్కడ ఆగుతుంది, ఆగాలి కూడా. అయితే అక్కడ ప్రమాద గుర్తు గానీ పైకి లేచే బాణం గానీ పెట్టకూడదు. హైలైట్‌లో వాడిన మాటలే ‘ప్రయోజనం కనబడలేదు’ అని పట్టీ పక్కన రాస్తే చాలు. బొమ్మ ఒకటి, జాబితా మరొకటి చెప్పకుండా ఉండాలంటే కీలకమైన మాటలు రెండు చోట్లా అక్షరం మారకుండా ఉండాలి.

గీశాక 13 సెంటీమీటర్ల వెడల్పులో ప్రింట్ తీసి, వ్యాసం చదవని ఒకరి చేతికివ్వండి. ‘ఆక్సిజన్ పెట్టని రోగికి ఈ మందు ఇవ్వాలని ఇది చెబుతోందా?’ అని అడగండి. ‘అవును’ అన్నారంటే, లేదా జవాబు కోసం తడుముకున్నారంటే, బొమ్మ మళ్ళీ గీయాలి. ‘బాగుందా?’ అని మాత్రం అడక్కండి, ఆ ప్రశ్నకు అందరూ బాగుందనే అంటారు.

ఈ పనంతా వ్యాసం పూర్తిగా ముగిశాకే ఎందుకు చేయాలో కూడా రికవరీయే చూపుతుంది. జూన్ చివర్లో రచయితలు ప్రాథమిక ప్రతిని అందరికీ అందుబాటులో పెట్టారు. అందులో మొత్తం మరణాలు మందు లేకుండా 24.6 శాతం, మందుతో 21.6 శాతం. కొందరు రోగుల 28 రోజుల గడువు సమాచారం అప్పటికి పూర్తిగా అందలేదు. అది చేరాక తుది వ్యాసంలో 25.7, 22.9 అయ్యాయి. వెంటిలేటర్ వరుసలో 40.7, 29.0 ఉన్నవి 41.4, 29.3 అయ్యాయి. మూడో వరుసలో 13.2, 17.0 ఉన్నవి 14.0, 17.8 అయ్యాయి. తీర్మానం మారలేదు, అంకెలన్నీ మారాయి. ప్రాథమిక ప్రతి చూసి హైలైట్స్ కట్టి, బొమ్మ గీసి పక్కన పెట్టుకున్నవాళ్ళు తుది ప్రతి వచ్చాక వ్యాసంలో మార్చి వీటిని మరచిపోతే, ఒకే పేజీలో రెండు రకాల అంకెలు కనబడతాయి.

దీనికి ఒక చిన్న ఏర్పాటు చేసుకోవచ్చు. హైలైట్స్ ఉన్న అదే ఎక్సెల్ షీట్‌లో అక్షరాల లెక్క పక్కన ఇంకో గడి పెట్టి, ఆ వాక్యంలోని ప్రతి అంకె వ్యాసంలో ఏ పట్టికలో ఏ వరుస నుంచి వచ్చిందో రాసుకోవాలి. బొమ్మలోని ఒక్కో పట్టీకి కూడా అలాగే ఒక వరుస. రాయడానికి చోటు దొరకని అంకె ఉందంటే అది వ్యాసంలో లేనిదన్నమాట, దాన్ని తీసేయాలి. పత్రిక నుంచి చివరి ప్రూఫ్ వచ్చిన రోజున ఈ షీట్ తెరిచి పై నుంచి కిందికి ఒక్కసారి సరిచూస్తే, వెంటిలేటర్ వరుసలో 407 పిక్సెళ్ళు గీసిన పట్టీని 414కు సాగదీయాలని అక్కడే తెలుస్తుంది.